టెండర్ గడువుకు ముందు సందేహం: ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, జవాబు ఎంతవరకు చెల్లుతుంది

ప్రభుత్వ శాఖ టెండర్ పిలిచిన రోజు నుంచి బిడ్ల దాఖలు గడువు ముగిసే దాకా ఉండే వ్యవధిలో, పాల్గొనదలచిన సంస్థ ‘ఈ షరతును ఎలా అర్థం చేసుకోవాలి’ అని కొనుగోలుదారును అడగగలిగేది కొద్ది రోజులు మాత్రమే. ఆ రోజుల్లో అడిగితే సందేహానికి జవాబు చెప్పవలసిన బాధ్యత శాఖ మీద ఉంటుంది. ఆ రోజులు దాటాక అదే సందేహం బిడ్డరు నష్టం కింద జమ అవుతుంది. టెండర్లకు కొత్తగా వచ్చే చిన్న పరిశ్రమల వారికి ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పరు. అందువల్ల కొందరు అడగవలసింది అడగకుండా బిడ్ వేస్తారు, మరికొందరు తమకు తోచిన అర్థాన్ని బిడ్‌లోనే ఒక షరతుగా రాసి తిరస్కరణకు గురవుతారు. ఈ ప్రక్రియలో ఏ అడుగు దేనికో ఒక ఊహాజనిత టెండర్‌ను వెంటబెట్టుకుని ఇక్కడ పరిశీలిద్దాం.

ఆసక్తి తెలపడంలో రెండు వేర్వేరు పద్ధతులు

మొదటిది ఈవోఐ, అంటే ఆసక్తి వ్యక్తీకరణ కోసం శాఖ విడిగా ఇచ్చే ప్రకటన. ఇది ఎక్కువగా కన్సల్టెన్సీ సేవల్లోనూ, ఏమి కొనాలో శాఖకే ఇంకా పూర్తిగా తేలని సంక్లిష్ట కొనుగోళ్లలోనూ కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం అంచనా విలువ 25 లక్షల రూపాయలు దాటిన కన్సల్టెన్సీకి ఇలాంటి ప్రకటన ఇవ్వాలి. ప్రకటనలో పని పరిధి క్లుప్తంగానూ, అర్హతలు స్పష్టంగానూ ఉంటాయి. వచ్చిన దరఖాస్తుల నుంచి సాధారణంగా ముగ్గురికి తగ్గకుండా ఎంపిక చేసి, వారికి మాత్రమే ఆర్‌ఎఫ్‌పీ, అంటే పూర్తి ప్రతిపాదన కోరే పత్రం, ఇస్తారు. కాబట్టి ఈవోఐలో ధర ఉండదు. అర్హత ఉందని చూపే ఆధారాలే ఉంటాయి. ఈ దశలో దరఖాస్తు చేయని సంస్థకు తర్వాతి దశలో ప్రవేశం లేదు. ఎంపికైన సంస్థకు మాత్రం పని దక్కినట్టు కాదు.

రెండవది బహిరంగ టెండర్. ఇందులో ఆసక్తిని ముందుగా ఎవరికీ తెలపనవసరం లేదు, పత్రాన్ని డౌన్‌లోడ్ చేసుకుని నేరుగా బిడ్ వేయవచ్చు. అయినా కేంద్ర కొనుగోళ్ల పోర్టల్‌లో లాగిన్ అయి, నచ్చిన టెండర్‌ను తన ‘మై టెండర్స్’ ఫోల్డర్‌లోకి చేర్చుకున్న బిడ్డరుకు ఒక ప్రయోజనం ఉంది. ఆ టెండర్‌కు కొరిజెండం, అంటే సవరణ ప్రకటన, వెలువడితే పోర్టల్ ఎస్‌ఎంఎస్, ఈమెయిల్ ద్వారా తెలియజేస్తుంది. లాగిన్ కాకుండా పత్రాన్ని మాత్రమే దించుకున్న వారికి ఆ సమాచారం అందదు. సవరణలను చూసుకునే బాధ్యత బిడ్డరుదేనని టెండర్ పత్రాల్లో సాధారణంగా రాసి ఉంటుంది కాబట్టి, మాకు తెలియలేదన్న మాట తర్వాత చెల్లదు.

ఉదాహరణకు ఒక టెండర్

నల్గొండ జిల్లాలోని 20 ప్రభుత్వ వసతి గృహాలకు గంటకు 500 లీటర్ల సామర్థ్యం గల ఆర్‌వో తాగునీటి ప్లాంట్లు సరఫరా చేసి, అమర్చి, మూడేళ్లు నిర్వహించాలని ఒక శాఖ టెండర్ పిలిచిందనుకుందాం. అంచనా విలువ 80 లక్షల రూపాయలు, బిడ్ల గడువు 21 రోజులు. బహిరంగ టెండర్లకు సాధారణంగా కనీసం మూడు వారాల గడువు ఇవ్వాలన్నది కేంద్ర నియమావళి మాట. రాష్ట్రాలకు వాటి సొంత ఆర్థిక కోడ్‌లు, ఉత్తర్వులు, పోర్టళ్లు ఉన్నాయి కాబట్టి రాష్ట్ర టెండర్‌లో గడువును ఆ పత్రం నుంచే చూసుకోవాలి. మన ఉదాహరణలో ప్రశ్నలు పంపడానికి చివరి తేదీ 7వ రోజు, బిడ్డర్ల సందేహాలు వినేందుకు శాఖ జరిపే ప్రీబిడ్ సమావేశం 10వ రోజు, జవాబులు 14వ రోజుకు వెలువడతాయి.

21 రోజుల గడువు చూసి తొందర లేదనిపిస్తుంది గాని, ఇక్కడ బిడ్డరు చేతిలో నిజంగా ఉన్నది 7 రోజులే. ఆ వారంలో పత్రమంతా చదివి, పాత పనుల సర్టిఫికెట్లతో పోల్చి, లెక్క వేసి చూస్తే తప్ప ఏమి అడగాలో తెలియదు. ధర వేయడానికి కూర్చున్నప్పుడు, అంటే 18వ రోజున, బయటపడే సందేహానికి జవాబిచ్చే వారు ఉండరు.

ప్రశ్న ఎవరికి పంపాలన్నది కూడా రెండు దారులుగా విడిపోతుంది. షరతులు, స్పెసిఫికేషన్లు, చెల్లింపుల గురించిన ప్రశ్నలు టెండర్ పిలిచిన అధికారికి వెళ్లాలి. డిజిటల్ సంతకం పనిచేయకపోవడం, ఫైలు అప్‌లోడ్ కాకపోవడం వంటివి పోర్టల్ హెల్ప్‌డెస్క్‌కు వెళ్లాలి. హెల్ప్‌డెస్క్ వారు టెండర్ షరతు గురించి ఫోన్‌లో ఏమి చెప్పినా అది శాఖ మాట కాదు.

సామర్థ్యం గురించి ఒకే ప్రశ్న, రెండు రకాలుగా

పత్రంలో ‘గంటకు 500 లీటర్లు’ అని ఉంది. ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎంత టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న ఘనపదార్థాల మొత్తం, ఉన్న నీటితో అన్నది లేదు. ఆర్‌వో మెంబ్రేన్, అంటే నీటిని వడకట్టే పొర, తయారీదారులు సామర్థ్యాన్ని సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్ వద్ద చెబుతారు. నీరు చల్లబడే కొద్దీ మెంబ్రేన్ నుంచి వచ్చే మంచినీరు డిగ్రీకి సుమారు 3 శాతం చొప్పున తగ్గుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులోని నీరు డిసెంబరు ఉదయం 20 డిగ్రీలకు దిగితే, 500 లీటర్ల ప్లాంటు గంటకు దాదాపు 425 లీటర్లే ఇస్తుంది. ఆ ఉదయమే అంగీకార పరీక్ష జరిగితే ప్లాంటు ఫెయిలైనట్టు నమోదవుతుంది. దానికి సిద్ధపడాలంటే పెద్ద మెంబ్రేనో, అదనపు మెంబ్రేనో పెట్టాలి. అప్పుడు ధర పెరుగుతుంది, పోటీలో వెనకబడే ప్రమాదమూ వస్తుంది.

‘సామర్థ్యం స్పెసిఫికేషన్ స్పష్టంగా లేదు, దయచేసి వివరించగలరు’ అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఖాయం: ‘టెండర్ పత్రం ప్రకారం’. ఆ జవాబు రాసిన అధికారిని తప్పుబట్టడం కష్టం. ఏమి తేల్చాలో ప్రశ్నలో లేనప్పుడు, కొత్తగా ఏదైనా చెప్పి కొందరికి మేలు చేశారనే ఆరోపణకు చోటివ్వడం కంటే పత్రాన్ని చూపడమే ఆయనకు సురక్షితం.

అదే ప్రశ్న ఇలా ఉందనుకోండి: ‘టెక్నికల్ స్పెసిఫికేషన్లు, క్లాజు 3, పేజీ 22. సామర్థ్యం గంటకు 500 లీటర్లు అని ఉంది. దీనిని 25 డిగ్రీల వద్ద తయారీదారు రేటింగ్‌గా తీసుకోవాలా, లేక పరీక్ష రోజున సైట్‌లో ఉన్న నీటి ఉష్ణోగ్రత వద్ద కొలుస్తారా? రెండవదైతే కనీస ఉష్ణోగ్రత ఎంతగా తీసుకోవాలి? 20 వసతి గృహాల బోరు నీటి పరీక్ష నివేదికలు, ముఖ్యంగా టీడీఎస్, ఫ్లోరైడ్ విలువలు, అందరు బిడ్డర్లకూ అందుబాటులో ఉంచగలరా?’ ఈ ప్రశ్న అధికారి ముందు రెండు స్పష్టమైన అర్థాలను ఉంచి, ఒకటి ఎంచుకోమంటుంది. క్లాజు, పేజీ చూపడం వల్ల ఆయన ఫైలులో నోట్ రాసి సాంకేతిక విభాగం నుంచి జవాబు తెప్పించుకోగలుగుతారు. సమాచారాన్ని అందరికీ ఇమ్మని కోరడం వల్ల ఒక్కరికి మేలు చేశారనే మాట రాదు.

నీటి నివేదికలు అడగడం ఇక్కడ లాంఛనం కాదు. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో టీడీఎస్ 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు టీడీఎస్ 2000, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్‌తో తరాల పాటు బాధపడిన నల్గొండలో ఒక ఊరి బోరు నీటికీ పక్క ఊరి బోరు నీటికీ తేడా చాలా ఉండవచ్చు. మూడేళ్ల నిర్వహణ ధరలో మెంబ్రేన్లను ఎన్నిసార్లు మార్చవలసి వస్తుందన్నది ఆ తేడాను బట్టే ఉంటుంది. నివేదికలు లేకుండా వేసే నిర్వహణ ధర కేవలం అంచనా. ఆ అంచనా తప్పితే మూడో ఏడాదికి ప్లాంట్లు మూలపడతాయి, మంచినీరు అందని వారు ఆ హాస్టల్ పిల్లలు.

అనుభవం షరతులో దాగి ఉన్న చిక్కు

కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002లో పనుల టెండర్ల కోసం సూచించిన ఒక కొలత ఇప్పటికీ అనేక పత్రాల్లో కనిపిస్తుంది. గత 7 సంవత్సరాలలో అంచనా విలువలో 40 శాతానికి తగ్గని ఇలాంటి పనులు మూడు, లేదా 50 శాతానికి తగ్గనివి రెండు, లేదా 80 శాతానికి తగ్గనిది ఒకటి పూర్తి చేసి ఉండాలి. మన 80 లక్షల టెండర్‌కు ఇది వరుసగా 32 లక్షలు, 40 లక్షలు, 64 లక్షలు అవుతుంది.

ఒక సంస్థకు 33 లక్షలు, 34 లక్షలు, 36 లక్షల విలువైన మూడు ఆర్డర్ల అనుభవం ఉందనుకుందాం. మూడూ 32 లక్షలు దాటాయి కాబట్టి అర్హత ఉన్నట్టే అనిపిస్తుంది. అయితే 36 లక్షల ఆర్డర్‌లో ప్లాంట్ల అమరిక రెండేళ్ల క్రితమే ముగిసినా నిర్వహణ ఇంకా సాగుతోంది, సర్టిఫికెట్‌లో ‘పని సంతృప్తికరంగా కొనసాగుతోంది’ అని ఉంది. పత్రం అడిగింది ‘పూర్తి చేసిన’ పని. సరఫరా, అమరిక ముగిస్తే పూర్తయినట్టా, నిర్వహణ కూడా ముగియాలా అన్నది ఎక్కడా లేదు. ఈ ఒక్క మాట మీద మొత్తం అర్హత ఆధారపడి ఉంది.

సంస్థ ఈ విషయాన్ని అడగకుండా బిడ్ వేస్తే, టెక్నికల్ పరిశీలన కమిటీ కఠినమైన అర్థం తీసుకుని తిరస్కరించవచ్చు. అప్పుడు కోర్టుకు వెళ్లినా దారి ఇరుకు. నాగపూర్ మెట్రో రైలు టెండర్ మీద ఆఫ్కాన్స్ సంస్థ వేసిన కేసులో 2016లో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది: టెండర్ పత్రాన్ని రూపొందించిన సంస్థే దాని అవసరాలను అర్థం చేసుకుని వ్యాఖ్యానించడానికి తగినది. దురుద్దేశమో, ఏ మాత్రం సమర్థించలేని వక్రతో ఉంటే తప్ప ఆ వ్యాఖ్యానాన్ని కోర్టులు గౌరవించాలి. కోర్టుకు మరో అర్థం సబబుగా తోచినా అది సరిపోదు. అందువల్ల రెండు అర్థాలు సాధ్యమైన షరతు ఉన్నప్పుడు ప్రశ్నించే గడువులోపు తేల్చుకోవడమే బిడ్డరుకు ఉన్న బలమైన రక్షణ.

ఇదే పత్రంలో ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు కట్టే ధరావతు, మొత్తం ఎన్‌ఐటీ అనే టెండర్ ప్రకటన పేజీలో 1,60,000 రూపాయలుగానూ, డేటా షీట్‌లో 2,00,000 గానూ ఉందనుకుంటే, అది సాదా పొరపాటు. ఇలాంటి వైరుధ్యాలను రెండు పేజీల సంఖ్యలు చూపి ‘ఏది చెల్లుతుంది’ అని ఒక్క వాక్యంలో అడిగితే చాలు.

వివరణ, సడలింపు, అభ్యంతరం: మూడూ ఒకటి కావు

సందేహాల పట్టికలో తరచుగా మూడు రకాల విషయాలు కలిసిపోతాయి. పై సామర్థ్యం ప్రశ్న వివరణ కోరేది. అందులో పత్రం మారదు, దాని అర్థం తేలుతుంది. ‘మాది స్టార్టప్, అనుభవం షరతు సడలించగలరా’ అన్నది సడలింపు కోరడం. నాణ్యతా ప్రమాణాలు, సాంకేతిక స్పెసిఫికేషన్లు తీరుస్తున్నంత వరకు స్టార్టప్‌లకు గత టర్నోవర్, అనుభవం షరతులను సడలించవచ్చని కేంద్ర నియమావళిలోని 173వ నియమం చెబుతుంది. సడలించవచ్చు అన్నారే తప్ప సడలించి తీరాలని అనలేదు. కాబట్టి అది శాఖ విచక్షణ, ఇస్తే అందరికీ వర్తించేలా కొరిజెండం రావాలి.

‘ఈ స్పెసిఫికేషన్ ఒకే ఒక్క కంపెనీ మోడల్‌కు సరిపోయేలా ఉంది’ అన్నది అభ్యంతరం. బిడ్డింగ్ షరతులను, ప్రక్రియను, తిరస్కరణను ప్రశ్నించేందుకు టెండర్ పత్రంలోనే వీలు కల్పించాలని అదే 173వ నియమం అంటుంది. అభ్యంతరాన్ని ప్రశ్న రూపంలో మర్యాదగా దాచితే దానికి ‘టెండర్ పత్రం ప్రకారం’ అనే జవాబు వచ్చి అంతటితో ముగుస్తుంది. ఏ పరామితి వల్ల పోటీ తగ్గుతోంది, అదే ఫలితాన్ని ఇచ్చే ప్రత్యామ్నాయ విలువ ఏది అని ఆధారాలతో చెప్పిన అభ్యంతరాన్ని ఫైలులో పక్కన పెట్టడం అధికారికి అంత సులభం కాదు. నా దృష్టిలో ఈ మూడింటినీ విడివిడిగా, వాటి పేరుతోనే పంపడం రెండు పక్షాలకూ న్యాయం చేస్తుంది.

సమావేశంలో తల ఊపితే చాలదు

10వ రోజు ప్రీబిడ్ సమావేశంలో 36 లక్షల ఆర్డర్ సంగతి ఎత్తితే, ఇంజనీరు ‘అమరిక పూర్తయితే సరిపోతుందండీ’ అన్నారనుకుందాం. ఆ మాట నిజాయితీగానే అని ఉంటారు. కాని పరిశీలన కమిటీలో ఆ ఇంజనీరు ఉండకపోవచ్చు. కమిటీ ముందుండేది టెండర్ పత్రం, దానితో పాటు వెలువడిన లిఖితపూర్వక జవాబులు, కొరిజెండాలు మాత్రమే. సమావేశపు మినిట్స్‌లో నమోదై, పోర్టల్‌లో ప్రచురితమైన మాటకు తప్ప మిగతా వాటికి విలువ లేదు. అందుకే అనుభవజ్ఞులైన బిడ్డర్లు సమావేశం ముగిసేలోపే ‘ఈ జవాబును మినిట్స్‌లో చేర్చండి’ అని కోరతారు.

ప్రచురితమైన జవాబులోనూ ఒక మెలిక ఉంది. ‘అమరిక పూర్తయిన పనులను పరిగణిస్తాము’ అని జవాబుల పట్టికలో ఉండి, అర్హత క్లాజు మాత్రం యథాతథంగా మిగిలితే, ఆ పట్టిక టెండర్ పత్రంలో భాగమని ఎక్కడైనా చెప్పారా అని చూడాలి. చాలా పత్రాల్లో ఆ వాక్యం ఉంటుంది. లేని చోట క్లాజునే సవరిస్తూ కొరిజెండం ఇమ్మని అడగవలసి ఉంటుంది. ఇక ధరల పట్టిక ఫైలు, అంటే బీవోక్యూ, కొరిజెండం ద్వారా మారితే పాత ఫైలులో నింపిన ధరలు పనికిరావు. కొత్త ఫైలును దించుకుని మళ్లీ నింపాలి.

అడిగితే రహస్యం బయటపడుతుందా?

ప్రశ్నించడానికి వెనకాడే వారి వాదనలో బలం ఉంది. జవాబులు అందరికీ వెళతాయి కాబట్టి, తాము కష్టపడి కనిపెట్టిన లోపాన్ని పోటీదారులకు ఉచితంగా చూపినట్టవుతుందని వారు అంటారు. ఉష్ణోగ్రత సంగతి గమనించిన సంస్థ ఊరుకుంటే, గమనించని వారు తక్కువ ధర వేసి తర్వాత ఇబ్బంది పడతారని, అడిగితే వారూ జాగ్రత్త పడతారని వాదన. అయితే తక్కువ ధర వేసిన వారికే పని దక్కుతుందన్న సంగతి ఈ వాదన మరిచిపోతుంది. గమనించని పోటీదారు గెలిచాక పడే ఇబ్బంది, ఓడిన సంస్థకు ఏ విధంగానూ లాభం కాదు. అందరూ ఒకే ఉష్ణోగ్రతకు ధర వేసినప్పుడే జాగ్రత్తగా లెక్క వేసిన సంస్థ పోటీలో నిలుస్తుంది. వ్యాపార రహస్యం విషయంలో మాత్రం వారి భయం సరైనదే. ప్రశ్నలో తమ డిజైన్, తమ మెంబ్రేన్ మోడల్, తమ సరఫరాదారు పేరు రాస్తే అవి బయటికి పోతాయి. ప్రపంచ బ్యాంకు ప్రామాణిక టెండర్ పత్రాల్లో ప్రశ్నను, జవాబును అందరికీ పంపుతూ అడిగిన వారి పేరు మాత్రం చెప్పకూడదన్న నిబంధన ఉంది. మన పత్రాలన్నింటిలో అది ఉండదు. పేరు కనిపించకపోయినా ప్రశ్నలోని వివరాలను బట్టి అడిగిందెవరో పోల్చుకునే వీలుంది.

అధికారుల వైపు ఆందోళన వేరు. బిడ్డర్లందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే వారు ఒకరినొకరు గుర్తుపట్టి, ధరలు కూడబలుక్కునే అవకాశం ఏర్పడుతుందని పోటీ చట్టాల నిపుణులు హెచ్చరిస్తారు. మన 2002 పోటీ చట్టంలోని 3వ సెక్షన్ అలాంటి కుమ్మక్కును నిషేధిస్తుంది. అందుకే కొందరు అధికారులు సమావేశం మానేసి ఈమెయిల్ ప్రశ్నలకే పరిమితమవుతారు. కాని ముఖాముఖి చర్చలో బయటపడే సాంకేతిక చిక్కులు కాగితం మీద బయటపడవన్నదీ నిజమే. 20 చోట్ల 20 రకాల నీరున్న మన ఉదాహరణలో సమావేశం వల్ల కలిగే మేలు ఎక్కువని నేను భావిస్తాను. ప్రామాణిక ఫర్నిచర్ కొనేటప్పుడు దాని అవసరం తక్కువ.

జవాబు రానప్పుడు మిగిలే లెక్క

14వ రోజు జవాబులు వచ్చాయి. ఈఎండీ 1,60,000 రూపాయలేనని తేలింది. అమరిక పూర్తయిన పనులు చెల్లుతాయని కొరిజెండం వచ్చింది. నీటి నివేదికలు 12 వసతి గృహాలవి మాత్రమే పెట్టారు. ఉష్ణోగ్రత ప్రశ్నకు ‘టెండర్ పత్రం ప్రకారం’ అన్నారు.

ఇప్పుడు ‘మా ధర 25 డిగ్రీల వద్ద 500 లీటర్లకు మాత్రమే’ అని బిడ్‌లో రాస్తే అది షరతులతో కూడిన బిడ్ అవుతుంది, అలాంటి బిడ్లను తిరస్కరించే అధికారం శాఖకు ఉంటుంది. మిగిలినవి మూడు దారులు. గడువు ఇంకా వారం ఉంది కాబట్టి, పాత ప్రశ్నను ఉటంకిస్తూ మరోసారి రాయవచ్చు. ప్రశ్నల తేదీ దాటినందున దీనికి జవాబు ఇవ్వాలన్న నియమం లేదు, అయినా కొన్నిసార్లు రెండో కొరిజెండం వస్తుంది. రెండోది, కఠినమైన అర్థానికే ధర వేయడం: 20 డిగ్రీల వద్ద కూడా 500 లీటర్లు రావాలంటే 25 డిగ్రీల వద్ద దాదాపు 590 లీటర్లు ఇచ్చే ప్లాంటు కావాలి. ఒక్కో ప్లాంటుకు దీని వల్ల 15,000 రూపాయలు పెరుగుతాయనుకుంటే 20 ప్లాంట్లకు 3 లక్షలు, అంటే అంచనా విలువలో 4 శాతానికి కాస్త తక్కువ. ఇతరులంతా తేలికైన అర్థానికి ధర వేస్తే ఈ తేడాతో పని చేజారవచ్చు. మూడోది, నివేదికలు లేని 8 వసతి గృహాల నిర్వహణ ఖర్చు కూడా తేలనప్పుడు ఈ రెండు అనిశ్చితులనూ మోయలేమని నిర్ణయించుకుని బిడ్ వేయకుండా ఉండటం.

ఆ 8 చోట్లకు వెళ్లి నీటి నమూనా తీసుకుని పరీక్ష చేయించడానికి కూడా ఈ వారం సరిపోతుంది. సైట్ సందర్శనకు అనుమతి ఉందో లేదో టెండర్ పత్రంలో రాసి ఉంటుంది. నివేదికలు చేతికొచ్చాక మిగిలే అనిశ్చితి ఉష్ణోగ్రత ఒక్కటే. రెండో దారిలో దాని విలువ 3 లక్షలని లెక్క కట్టాము కాబట్టి, ఆ మొత్తాన్ని ధరలో కలిపినా పోటీలో నిలవగలమా అన్నదాన్ని బట్టి 21వ రోజులోపు బిడ్ వేయాలో మానాలో నిర్ణయం తేలుతుంది.